పన్ను పోను 9 లక్షలు మిగలాలంటే ఎన్ని అమ్మాలి?

"మేడం గారూ, నేను ఒక చిన్న తయారీ సంస్థలో అకౌంట్స్ చూస్తాను. ఒకటే వస్తువు చేస్తాం. ఒక్కోటి అమ్మకం ధర 500, మారే ఖర్చు 300, ఏడాదికి స్థిర ఖర్చులు 20 లక్షలు. వచ్చే ఏడాది పన్ను పోను 9 లక్షలు మిగలాలి, ఎన్ని అమ్మాలో చెప్పమని మా ఓనర్ గారు అడిగారు. పన్ను రేటు 25 శాతం. అందుకని 9 లక్షలకు 25 శాతం కలిపి 11,25,000 చేశాను. దానికి స్థిర ఖర్చులు కూడి 200తో భాగిస్తే 15,625 వచ్చింది. మా సీనియర్ కాగితం చూసి 'తప్పు' అని వెళ్లిపోయారు, ఎందుకో చెప్పలేదు. బ్రేక్ ఈవెన్‌లో కూడా పన్ను కలపాలా? పోయిన ఏడాది 3 లక్షల నష్టం ఉంది, అది ఈ లెక్కలోకి వస్తుందా? ఇంకో సంగతి, ఒక షిఫ్టులో 15,000 వరకే చేయగలం. అది దాటితే రెండో షిఫ్టుకు ఏడాదికి 1,50,000 స్థిర ఖర్చు పెరుగుతుందట. దాన్ని తర్వాత చూద్దామని వదిలేశాను. రేపు మీటింగ్, చాలా టెన్షన్‌గా ఉంది."

ముందు మీ 15,625ని మీరే పరీక్షించి చూడండి. అన్ని అమ్మితే కాంట్రిబ్యూషన్, అంటే ధరలోంచి మారే ఖర్చు పోను ఒక్కోటి మిగిల్చే 200 చొప్పున, 31,25,000 వస్తుంది. స్థిర ఖర్చులు తీసేస్తే పన్నుకు ముందు లాభం 11,25,000. దీని మీద 25 శాతం పన్ను 2,81,250. మిగిలేది 8,43,750. అంటే ఓనర్ గారు అడిగిన దానికి 56,250 తక్కువ. మీ సీనియర్ ఈ నాలుగు వరుసలు కాగితం మీద వేసి చూపించి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

తేడా ఎక్కడ వచ్చిందంటే, 25 శాతం దేని మీద అన్న దగ్గర. పన్ను అధికారి 25 శాతం లెక్కగట్టేది పన్నుకు ముందు ఉన్న లాభం మీద. మీరు లెక్కగట్టింది పన్ను పోయాక చేతికొచ్చే లాభం మీద. ముందున్న లాభం 100 అనుకుంటే పన్ను 25, మిగిలేది 75. ఓనర్ గారి 9 లక్షలు ఆ 75 అన్నమాట. 75 విలువ 9 లక్షలైతే 100 విలువ 12 లక్షలు. అందుకే ఇక్కడ 1.25తో గుణించకూడదు, 0.75తో భాగించాలి. 12 లక్షల మీద పన్ను 3 లక్షలు, మిగిలేది సరిగ్గా 9 లక్షలు. ఆ 3 లక్షలు 12లో నాలుగో వంతే, కానీ 9తో పోలిస్తే మూడో వంతు. మీరు కలిపింది 9లో నాలుగో వంతు, కాబట్టి తగ్గింది.

పన్ను రేటు చిన్నదైతే ఈ పొరపాటు పెద్దగా బయటపడదు. రేటు 10 శాతం ఉంటే కలిపిన వాళ్లకు 1.10 రెట్లు, భాగించిన వాళ్లకు 1.11 రెట్లు వస్తాయి. ఎవరూ పట్టించుకోరు. అదే 40 శాతం అయితే ఒకరికి 1.40, మరొకరికి 1.67. అప్పటికి అలవాటు ముదిరిపోయి ఉంటుంది.

సూత్రంగా రాస్తే ఇది:

```
యూనిట్లు = (స్థిర ఖర్చులు + పన్ను తర్వాతి లాభం ÷ (1 − పన్ను రేటు)) ÷ ఒక్కో యూనిట్ కాంట్రిబ్యూషన్
```

మీ అంకెలు వేస్తే 20 లక్షలు, 12 లక్షలు కలిపి 32 లక్షలు. దాన్ని 200తో భాగిస్తే 16,000 యూనిట్లు. పాత నష్టం, రెండో షిఫ్టు లేవనుకుంటేనే ఇది. వాటి దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ఈ సూత్రం మీద నాకు కోపమేమీ లేదు గానీ, బట్టీ పట్టినవాళ్లు బ్రాకెట్ ఎక్కడ మూయాలో మరిచిపోతారు. స్థిర ఖర్చులు, కావలసిన లాభం రెండూ కలిపి 29 లక్షలు చేసి, మొత్తాన్నీ 0.75తో భాగిస్తారు. అప్పుడు 19,334 యూనిట్లు వస్తుంది. స్థిర ఖర్చుల మీద కూడా పన్ను కట్టినట్టు అన్నమాట. ఖర్చు మీద ఆదాయపు పన్ను ఉండదు కదా. ఈ పొరపాటు పట్టుకోవడం సులువే. కావలసిన లాభం సున్నా అని పెట్టి అదే లెక్క మళ్లీ వేయండి. 10,000 రావాల్సిన చోట 13,334 వస్తే బ్రాకెట్ తప్పిందని అర్థం.

అందుకే నేను వేరే దారిలో లెక్క వేస్తాను. సూత్రం గుర్తు లేకపోయినా నడుస్తుంది, మీ మిగతా ప్రశ్నలకు కూడా ఇదే పనికొస్తుంది. ముందు బ్రేక్ ఈవెన్ దాకా రండి. 20 లక్షలను 200తో భాగిస్తే 10,000 యూనిట్లు. ఈ పది వేలు అమ్మిన డబ్బంతా ఖర్చులకే సరిపోయింది. లాభం లేదు, పన్నూ లేదు. ఇప్పుడు 10,001వ యూనిట్ అమ్మారు. స్థిర ఖర్చులు అప్పటికే తీరిపోయాయి కాబట్టి దాని 200 కాంట్రిబ్యూషన్ మొత్తం లాభమే. అందులో 50 పన్నుకు పోతుంది, 150 ఓనర్ గారికి మిగులుతుంది. ఆ తర్వాతి యూనిట్‌కూ అంతే. 9 లక్షలను 150తో భాగిస్తే 6,000. పది వేల మీద ఆరు వేలు, మొత్తం 16,000. ఎక్కడా 12 లక్షలు కనుక్కోనే లేదు, అయినా అదే జవాబు వచ్చింది.

బ్రేక్ ఈవెన్ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. లాభం లేని చోట పన్ను లేదు, కాబట్టి పన్ను రేటు 10 అయినా 40 అయినా బ్రేక్ ఈవెన్ 10,000 దగ్గరే ఉంటుంది. రేటు మారితే మారేది, అది దాటాక ఒక్కో యూనిట్ మీద చేతికి మిగిలే డబ్బు.

పాఠ్యపుస్తకాలు ఈ మాట అంతటితో ఆపేస్తాయి. ఆచరణలో ఒక మెలిక ఉంది. మీ పుస్తకాల్లో ఖర్చుగా రాసుకున్నవన్నీ పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు. చట్టాన్ని ఉల్లంఘించినందుకు కట్టిన జరిమానాలు చాలా చోట్ల అలాంటివే. మీ 20 లక్షల్లో 1,20,000 అలాంటి ఖర్చు ఉందనుకోండి. 10,000 యూనిట్ల దగ్గర మీ పుస్తకంలో లాభం సున్నా. పన్ను లెక్కలో మాత్రం 1,20,000 లాభం కనిపిస్తుంది, దాని మీద 30,000 పన్ను పడుతుంది. లాభం లేకుండానే పన్ను కట్టాలి! ఆ 30,000 రాబట్టడానికి 150 చొప్పున ఇంకో 200 యూనిట్లు అమ్మాలి. అప్పుడు పన్ను తర్వాత బ్రేక్ ఈవెన్ 10,200 అవుతుంది, 9 లక్షలకు కావలసిన అమ్మకం 16,200 అవుతుంది. మీ స్థిర ఖర్చుల జాబితా ఒకసారి పన్ను చూసే వాళ్లకు చూపించి, ఇందులో ఒప్పుకోనివి ఉన్నాయా అని అడగండి. లేవంటారు అనుకునే ముందుకు వెళ్తున్నాను.

ఇప్పుడు పోయిన ఏడాది నష్టం. అది లెక్కలోకి వస్తుంది, కానీ మీ స్థిర ఖర్చుల్లోకి రాదు. చాలామంది 20 లక్షలకు ఆ 3 లక్షలు కలిపేస్తారు, నష్టం పూడ్చుకోవాలి కదా అని. అది పోయిన ఏడాది ఖర్చు, అయిపోయింది. ఈ ఏడాది ఎన్ని అమ్మినా ఆ డబ్బు మళ్లీ ఖర్చు కాదు. అది పని చేసేది ఒక్క పన్ను వరుసలోనే. మీకు వర్తించే నిబంధనలు పాత నష్టాన్ని ఈ ఏడాది లాభంలో తగ్గించుకోనిస్తే, మొదటి 3 లక్షల లాభం మీద పన్ను పడదు.

మళ్లీ మన దారిలోనే నడుద్దాం. 10,000 దాటాక మొదటి 1,500 యూనిట్లు తెచ్చేది 3 లక్షలు. వీటి మీద పన్ను లేదు కాబట్టి 200కి 200 ఓనర్ గారివే. ఇంకా కావలసింది 6 లక్షలు. ఇక్కడి నుంచి పన్ను మొదలు, కాబట్టి ఒక్కోటి 150 చొప్పున 4,000 యూనిట్లు. మొత్తం 15,500. సరిచూసుకోండి. కాంట్రిబ్యూషన్ 31 లక్షలు, పన్నుకు ముందు లాభం 11 లక్షలు, పాత నష్టం పోను పన్ను పడేది 8 లక్షల మీద, పన్ను 2 లక్షలు, మిగిలింది 9 లక్షలు.

ఇక్కడ సూత్రాన్ని అలాగే వాడి ఉంటే 16,000 దగ్గరే ఉండేవాళ్లు. 500 యూనిట్లు ఎక్కువ చెప్పి ఉండేవాళ్లు. ఆ సూత్రంలో పన్ను అనేది లాభంలో మొదటి పైసా నుంచి చివరి పైసా దాకా ఒకే రేటు అన్న నమ్మకం దాగి ఉంది. ఆ నమ్మకం చెడిన చోటల్లా అది పని చేయదు. శ్లాబులు ఉన్న చోట కూడా ఇదే కథ. ఉదాహరణకు మొదటి 4 లక్షలకు 10 శాతం, ఆ పైన 25 శాతం అనుకుందాం, పాత నష్టం లేదనుకుందాం. మొదటి శ్లాబులో 2,000 యూనిట్లు పడతాయి, ఒక్కోటి మిగిల్చేది 180, అంటే 3,60,000. మిగతా 5,40,000ను 150తో భాగిస్తే 3,600. మొత్తం 15,600. సగటు రేటు ఎంతో ముందే తెలుసుకుని సూత్రంలో వేద్దామనుకుంటే కుదరదు. సగటు రేటు లాభాన్ని బట్టి మారుతుంది, మనం వెతుకుతున్నది ఆ లాభాన్నే.

పాత నష్టం విషయంలో రెండు జాగ్రత్తలు. ఏడాదికి ఎంత మేరకు తగ్గించుకోవచ్చు, ఎన్నేళ్ల లోపు వాడుకోవాలి అన్నదానికి కొన్ని చోట్ల పరిమితులు ఉంటాయి. అందుకని పన్ను చూసే వారు 'ఈ ఏడాది ఇంత' అని చెప్పిన అంకెనే వేయండి, బ్యాలెన్స్ షీట్‌లో కనిపించిన అంకెను కాదు. రెండోది, ఆ నష్టం ఒక్కసారే ఆదుకుంటుంది. వచ్చే ఏడాది 9 లక్షలకు 15,500 చాలని చెప్పారంటే, ఆ పై ఏడాది కూడా అదే అంకె గుర్తు పెట్టుకుంటారు ఓనర్ గారు. అప్పటికి నష్టం అయిపోయి ఉంటుంది, మళ్లీ 12 లక్షలు సంపాదించాలి. ఈ మాట కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక మీరు తర్వాత చూద్దామని వదిలేసిన రెండో షిఫ్టు. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయం అదే. పన్ను తప్పు వల్ల మీ జవాబు 375 యూనిట్లు తేడా వచ్చింది. షిఫ్టును వదిలేయడం వల్ల రెట్టింపు తేడా వస్తుంది.

15,500 అన్న జవాబు స్థిర ఖర్చులు 20 లక్షలు అన్న ఆధారం మీద వచ్చింది. కానీ 15,500 చేయాలంటే 15,000 దాటాలి, దాటితే స్థిర ఖర్చులు 21,50,000. జవాబు తన ఆధారాన్ని తానే కొట్టేసుకుంది. ఇలాంటి లెక్కల్లో జవాబు రాగానే చూడాల్సింది ఇదే, వచ్చిన అంకె మనం వాడిన ఖర్చుల హద్దులో ఉందా లేదా అని. లేకపోతే పై మెట్టు ఖర్చుతో మళ్లీ వేయాలి. పెరిగిన 1,50,000 రాబట్టడానికి ఇంకో 750 యూనిట్లు కావాలి, మొత్తం 16,250. ఈ 1,50,000ను 0.75తో భాగించలేదని గమనించండి. అది ఖర్చు, పన్నుకు ముందే పోతుంది, కాబట్టి నేరుగా 200తో భాగించాలి. 0.75తో భాగించేది పన్ను పోయాక మిగలాలనుకున్న దాన్ని మాత్రమే.

ఈ లెక్క ఒక చిన్న షీట్‌లో పెట్టుకుంటే రేపు మీటింగ్‌లో ఎవరు ఏ అంకె అడిగినా అక్కడికక్కడే చెప్పొచ్చు. B1లో ధర, B2లో మారే ఖర్చు, B3లో 20 లక్షల స్థిర ఖర్చు, B4లో పాత నష్టం, B5లో యూనిట్లు పెట్టండి. కింద మూడు వరుసలు చాలు.

```
B6: =B5*(B1-B2)-B3-IF(B5>15000,150000,0)
B7: =MAX(0,B6-B4)*25%
B8: =B6-B7
```

B6 పన్నుకు ముందు లాభం, B7 పన్ను, B8 మిగిలేది. B7లో MAX ఎందుకంటే, అది లేకపోతే బ్రేక్ ఈవెన్ కింద షీట్ పన్నును మైనస్‌లో చూపిస్తుంది. 8,000 యూనిట్లు వేస్తే నష్టం 4 లక్షలు. పాత నష్టం 3 లక్షలు కూడా తీసేసి, MAX లేని షీట్ పన్ను మైనస్ 1,75,000 అంటుంది, మిగిలిన నష్టాన్ని 2,25,000కు తగ్గించి చూపిస్తుంది. నష్టం వచ్చిన ఏడాదే పన్ను శాఖ ఎదురు డబ్బు పంపినట్టు. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకున్న వాళ్లు లేకపోలేదు.

Goal Seek వాడడం తెలిసి ఉంటే B8ని 900000 చేయమని, B5ని మార్చమని చెప్పొచ్చు. కాకపోతే 15,000 దగ్గర ఖర్చు ఒక్కసారిగా ఎగిరే చోట అది తడబడే అవకాశం ఉంది. ఇక్కడ చేత్తో అంకెలు మార్చి చూడడమే మేలు, ఎందుకంటే అలా చూస్తేనే అసలు సంగతి కనబడుతుంది.

B5లో 15,000 వేయండి. B8లో 8,25,000 వస్తుంది. ఇప్పుడు 15,001 వేయండి. 7,12,650కి పడిపోతుంది. ఒక్క యూనిట్ ఎక్కువ చేసినందుకు లక్షకు పైగా పోయింది. కారణం తెలిసిందే, రెండో షిఫ్టు ఖర్చు మొత్తం ఆ ఒక్క యూనిట్‌తోనే మొదలైంది. అక్కడి నుంచి మెల్లగా పెంచుతూ వెళ్లండి. 15,750 దగ్గర మళ్లీ 8,25,000 కనిపిస్తుంది. అంటే 15,001 నుంచి 15,749 వరకు ఎక్కడ ఆగినా, 15,000 దగ్గర ఆగిన దానికంటే తక్కువే మిగులుతుంది. మీ 15,625 సరిగ్గా ఈ గుంటలోనే ఉంది. పాత నష్టం, షిఫ్టు రెండూ కలిపి చూస్తే అక్కడ మిగిలేది 8,06,250. ఉన్న షిఫ్టులో నిండుగా పని చేసి ఊరుకున్నా అంతకంటే ఎక్కువ వచ్చేది.

మీటింగ్‌కు వెళ్లే ముందు ఆ 500 ధరను ఒకసారి సరిచూడండి. అందులో కొనేవాళ్ల దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టేసే అమ్మకపు పన్ను కలిసి ఉంటే అది మీ రాబడి కాదు. దాన్ని తీసేశాక మిగిలే ధరతోనే కాంట్రిబ్యూషన్ చూడాలి. అమ్మకపు పన్ను పోను మీకు దక్కేది 480 అనుకోండి, కాంట్రిబ్యూషన్ 180కి దిగుతుంది, పైన చెప్పిన ఏ అంకె నిలవదు. ఆదాయపు పన్ను లాభం మీద ఆఖరున వస్తుంది, అమ్మకపు పన్ను ధరలో మొదటే పోతుంది. ఈ రెండింటినీ ఒకే గంపలో వేయకూడదు.

'మిగలాలి' అంటే ఓనర్ గారి ఉద్దేశం లాభమా, చేతిలో డబ్బా అన్నది కూడా అడగండి. మనం ఇంతసేపు వేసింది లాభం. అప్పు అసలు తీర్చే వాయిదాలు ఖర్చు కాదు, లాభంలో తగ్గవు, కానీ డబ్బు మాత్రం పోతుంది. తరుగుదల దీనికి వ్యతిరేకం, ఖర్చుగా రాస్తాం గానీ ఆ ఏడాది డబ్బు కదలదు. ఆయన అప్పు వాయిదాలు కట్టాక 9 లక్షలు అనుకుంటూ ఉంటే, ఆ వాయిదాల మొత్తాన్ని 9 లక్షలకు కలిపి, తరుగుదలను అందులోంచి తీసేసి, ఆ తర్వాత 150తో భాగించే పని మొదలుపెట్టాలి. అలాగే ఇక్కడ చేసినవన్నీ అమ్ముడుపోయాయి అనుకుంటున్నాం. 16,250 చేసి 15,600 అమ్మి, మిగతాది స్టాకులో ఉంచితే ఈ లెక్క ప్రకారం మీరు ఇంకా గుంటలోనే ఉన్నారు.

రేపు ఓనర్ గారికి ఒకే ఒక్క అంకె చెప్పకండి. ఒక షిఫ్టులో 15,000 అమ్మితే 8,25,000 మిగులుతుంది. 9 లక్షలు కావాలంటే రెండో షిఫ్టు తెరిచి 16,250 అమ్మాలి. అంటే 75,000 కోసం అదనంగా 1,250 యూనిట్లు, అవి అమ్ముడుపోకపోతే ఉన్నదీ తగ్గే ప్రమాదం. పైగా పాత నష్టం అయిపోయిన ఏడాది, రెండో షిఫ్టుతో అదే 9 లక్షలకు 16,750 అమ్మాల్సి వస్తుంది.

ఆ తర్వాత మూడో దారి చెప్పండి. 15,000 దగ్గరే ఉండి 9 లక్షలు మిగలాలంటే, పన్నుకు ముందు 11 లక్షలు, స్థిర ఖర్చులు 20 లక్షలు, కలిపి 31 లక్షల కాంట్రిబ్యూషన్ కావాలి. 15,000తో భాగిస్తే ఒక్కోటి 206.67. ఇప్పుడు వస్తున్నది 200. అంటే ఒక్కో యూనిట్ మీద మారే ఖర్చు 7 తగ్గించగలిగితే రెండో షిఫ్టు అక్కర్లేకుండానే 9,03,750 మిగులుతుంది. 300 ఖర్చులో 7 ఎక్కడ దొరుకుతుందో, ముడిసరుకు వృథాలోనా, ప్యాకింగ్‌లోనా అన్నది ప్రొడక్షన్ వాళ్లకే తెలుస్తుంది. వాళ్లను కూడా మీటింగ్‌కు పిలవమని ఓనర్ గారిని ఇవాళే అడగండి.